గడువు దాటలేదు, స్ట్రిప్పు పాడైంది: సోంపేట వైపు ఒక కేసు

ఇన్సులిన్ డోసు పెంచుతున్నా మీటరులో షుగర్ దిగదు. మరోవైపు తెల్లవారుజామున చెమటలు, వణుకు, గుండెదడ వస్తుంటాయి. ఈ రెండూ ఒకే మనిషిలో కలిసి కనబడితే ఇంకో రెండు యూనిట్లు పెంచే ముందు ఆ ఇంట్లో ఉన్న, రక్తం చుక్కతో షుగర్ చూసే స్ట్రిప్పుల డబ్బా తెప్పించి చూడాలి. ఈ కేసులో ఆ పని ఆలస్యంగా జరిగింది. మనిషిని గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చి, ఇలాంటి ఇళ్లలో మళ్లీ మళ్లీ ఎదురయ్యే పరిస్థితులను కలిపి రాశాం. షుగర్ అంకెలన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో ఉన్నాయి.

మనిషి, ఇల్లు, మందు

61 ఏళ్ల ఆవిడ. ఊరు శ్రీకాకుళం జిల్లా సోంపేట వైపు, సముద్రానికి బాగా దగ్గర. సిమెంటు రేకుల ఇల్లు, వెనక కొబ్బరి చెట్లు. షుగర్ వచ్చి 14 ఏళ్లయింది. ఉద్దానంలో చాలామందికి ఉన్నట్టే కిడ్నీ పనితీరు కూడా తగ్గింది, ఈజీఎఫ్‌ఆర్ 38. హిమోగ్లోబిన్ 9.8. ఇన్సులిన్ 30/70 మిక్స్, ఉదయం 16 యూనిట్లు, రాత్రి 10 యూనిట్లు. వారానికి రెండుసార్లు, పరగడుపున, ఇంట్లోనే షుగర్ చూసుకుంటారు. మీటరు, 50 స్ట్రిప్పుల డబ్బా విశాఖలో ఉండే కొడుకు ఏప్రిల్ నెల మధ్యలో తెచ్చి ఇచ్చారు.

ఏప్రిల్, మే నెలల్లో నోట్‌బుక్‌లో రాసిన పరగడుపు రీడింగులు 120, 140 మధ్య ఉన్నాయి. జూన్ చివర నుంచి మెల్లగా పైకి పోయాయి. జూలై నాటికి 175 నుంచి 195. తిండిలో మార్పు లేదు, జ్వరం లేదు, కొత్త మందులేవీ లేవు. ఆ అంకెలు చూసి డోసు విడతలవారీగా ఉదయం 22, రాత్రి 14 వరకు పెరిగింది. ఆగస్టులో ఒక తెల్లవారుజామున ఒళ్లంతా చెమట పట్టి, మాట తడబడి లేచారు. కోడలు వెంటనే మీటరుతో చూస్తే 104 వచ్చింది. అంకె బాగానే ఉంది కదా, గ్యాస్ అయ్యుంటుందని నీళ్లిచ్చి పడుకోబెట్టారు. అరగంటకి ఇంకా నీరసపడిపోతే టీలో చక్కెర వేసి ఇచ్చారు. పావుగంటలో తేరుకున్నారు.

ఈ కేసులో మొదటి ఆధారం అదే. చక్కెర ఇచ్చాక పావుగంటలో తేరుకున్నారంటే అప్పుడు షుగర్ పడిపోయి ఉండడానికే ఎక్కువ అవకాశం. 104 అన్న అంకెకి, మనిషి ఉన్న తీరుకి పొంతన లేదు. అలాంటప్పుడు మనిషినే నమ్మాలి. ఇన్సులిన్ వాడే వాళ్లకి చెమట, వణుకు, తడబాటు కనిపిస్తే మీటరు ఎంత చూపినా ముందు మూడు, నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. మనిషి మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఒక్కొక్కటే తీసేసుకుంటూ రావడం

మీటరులో షుగర్ ఎక్కువ చూపడానికి స్ట్రిప్పు ఒక్కటే కారణం కానక్కర్లేదు. ముందు చూసింది ఇన్సులిన్. ఇంట్లో ఫ్రిజ్ లేదు. నీళ్ల కుండ మీద మూకుడు పెట్టి, అందులో సీసా ఉంచుతున్నారు. అది సరైన పద్ధతే. సీసాలో ఉండలు గానీ అంచున గడ్డ గానీ లేవు. అదీగాక, ఇన్సులిన్ చెడిపోతే షుగర్ నిజంగానే పెరుగుతుంది, ల్యాబ్ రీడింగు కూడా పెరుగుతుంది. ఇక్కడ ఫ్లోరైడ్ ట్యూబులో తీసిన పరగడుపు రక్తం ల్యాబులో 66 వచ్చింది. కాబట్టి ఇన్సులిన్ పనిచేస్తోంది, ఇంకా చెప్పాలంటే ఎక్కువే పనిచేస్తోంది. కిడ్నీలు సన్నగిల్లిన వాళ్లలో ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది గనుక పెంచిన ప్రతి యూనిట్ బరువు ఇంకా ఎక్కువ.

రెండోది చేతులు. బెల్లం ముట్టుకున్న చేత్తోనో, జీడిపండు కోసిన చేత్తోనో వేలు గుచ్చితే 60, 70 పాయింట్లు ఎక్కువ చూపడం వింతేమీ కాదు. సబ్బుతో కడిగించి, పొడి గుడ్డతో తుడిపించి మా ముందే పరీక్ష చేయించాం. అంకె మారలేదు.

మూడోది రక్తహీనత. రక్తంలో ఎర్రకణాలు తక్కువైతే మీటరు కొంచెం ఎక్కువ చూపుతుంది. ఆవిడకి హిమోగ్లోబిన్ 9.8 కాబట్టి దీని వాటా కొంత ఉండే వీలుంది. అయితే ఆ రక్తహీనత ఏప్రిల్‌లో కూడా ఉంది, అప్పట్లో అంకెలు బాగానే ఉన్నాయి. మధ్యలో వచ్చిన మార్పుకి అది కారణం కాలేదు. ఇక మీటరులో కోడు పెట్టే రకం అయితే డబ్బా మీద కోడు, తెర మీద కోడు ఒకటేనా అని చూడాలి. ఈ మీటరుకి ఆ గొడవ లేదు.

గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ని చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.4 వచ్చింది. లెక్క ప్రకారం అది సగటున 137కి సమానం. రోజూ 180, 190 ఉన్న మనిషికి అంత తక్కువ రాకూడదు. కిడ్నీ జబ్బు, రక్తహీనత ఉన్న చోట ఈ పరీక్ష కూడా దారి తప్పగలదు కాబట్టి దీన్ని తీర్పుగా తీసుకోలేదు. అనుమానానికి ఇంకొంచెం బలంగా మాత్రమే పెట్టుకున్నాం.

ఇక మిగిలింది డబ్బా.

డబ్బా ఏం చెప్పింది

డబ్బాలో 10 స్ట్రిప్పులు మిగిలి ఉన్నాయి. గడువు తేదీకి ఇంకా ఆరు నెలలుంది. ఇంటివాళ్లు ప్రతిసారీ చూసుకుంటున్నది ఆ తేదీ ఒక్కటే. దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకో రెండు మాటలున్నాయి. నిల్వ 4 నుంచి 30 డిగ్రీలు. తెరిచిన 90 రోజుల్లో వాడేయాలి. డబ్బా తెరిచి అప్పటికి నాలుగు నెలలు దాటింది. తెరిచిన తేదీ ఎక్కడా రాసి లేదు, కొడుకు వచ్చి వెళ్లిన రోజుని బట్టి లెక్క కట్టాల్సి వచ్చింది.

అసలు సంగతి మూత దగ్గర ఉంది. డబ్బా చేతికి తీసుకోగానే మూత ఊడి వచ్చింది. అడిగితే, "మూత నొక్కేస్తే మళ్లీ రాదు బాబూ, వేళ్లు నొప్పులు కదా, అలాగే మీద పెట్టి ఒదిలేస్తాను" అన్నారు. ఎక్కడ పెడతారని అడిగితే వంటగదిలో పొయ్యి పక్క గూట్లో, ఉప్పు డబ్బా పక్కన. గుర్తుంటుందని అక్కడ పెట్టారు. అన్నం వార్చేటప్పుడు ఆవిరి సరిగ్గా ఆ గూటి మీదికే వస్తుంది. జూన్ రెండో వారం నుంచి వర్షాలు. తీర ప్రాంతంలో ఆ రోజుల్లో గాలిలో తేమ 80 శాతం దాటి ఉండటం మామూలే. రీడింగులు పైకి పోవడం మొదలైంది కూడా ఆ తర్వాతే.

స్ట్రిప్పులు చూడ్డానికి కొత్తవాటిలాగే ఉన్నాయి. రంగు మారలేదు, అంటుకోలేదు, వంగలేదు. మీటరు కూడా ఏ తప్పూ చూపకుండా వాటిని తీసుకుంది. కొన్ని మీటర్లు బాగా తేమ తిన్న స్ట్రిప్పుని పట్టుకుని ఎర్రర్ ఇస్తాయి. చాలా మీటర్లు ఇవ్వవు. గడువు దాటిందా, డబ్బా ఎప్పుడు తెరిచారు అన్నవి మామూలు మీటరుకి తెలిసే దారే లేదు. అది స్ట్రిప్పు నుంచి వచ్చే కరెంటుని కొలిచి అంకెగా మార్చి చూపుతుంది, అంతే.

పోల్చి చూసిన తీరు

అదే కంపెనీ కొత్త డబ్బా తెప్పించాం. కంట్రోల్ సొల్యూషన్ రెండు స్థాయిలవి తీసుకున్నాం, ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ. కంట్రోల్ సొల్యూషన్ అంటే ముందే తెలిసినంత గ్లూకోజు కలిపిన ద్రవం. అది ఎంత చూపాలో ఆ హద్దులు స్ట్రిప్పుల డబ్బా మీదే అచ్చేసి ఉంటాయి. పక్క డబ్బా హద్దుల్ని దీనికి వాడకూడదు, లాటు మారితే హద్దులూ మారతాయి. కంట్రోల్ సీసాకి కూడా తెరిచాక గడువు ఉంటుంది, చాలావాటికి మూడు నెలలు.

మీటరు, రెండు డబ్బాలు, కంట్రోల్ సీసాలు అన్నీ ఒకే గదిలో అరగంట ఉంచాక పని మొదలుపెట్టాలి. సీసాని బాగా కలపాలి. మొదటి చుక్క తుడిచి పారేసి, రెండో చుక్కని శుభ్రమైన ప్లాస్టిక్ మూత మీద వేసి, స్ట్రిప్పు అంచుని దానికి తాకించాలి. సీసా మూతిని నేరుగా స్ట్రిప్పుకి ఆనిస్తే సీసాలోకి మురికి పోతుంది. మీటరులో కంట్రోల్ గుర్తు పెట్టే వీలుంటే పెట్టాలి, లేకపోతే ఆ అంకె రోగి రీడింగుల్లో కలిసిపోయి సగటుని చెడగొడుతుంది. ఒకే చుక్క అనుకుని ఒక్కసారితో ఆపకుండా తక్కువ స్థాయి దగ్గర మూడుసార్లు చూశాం.

| పరీక్ష | డబ్బా మీది హద్దు | కొత్త స్ట్రిప్పులు | పాత స్ట్రిప్పులు |
|---|---|---|---|
| కంట్రోల్, తక్కువ స్థాయి | 98–138 | 117, 120, 116 | 154, 163, 158 |
| కంట్రోల్, ఎక్కువ స్థాయి | 252–342 | 298 | 331 |
| వేలి రక్తం, పరగడుపున | ల్యాబులో 66 | 71 | 109 |

మీటరు ఒకటే. చేయి ఒకటే. కొత్త స్ట్రిప్పు ల్యాబుకి 5 పాయింట్ల దూరంలో ఉంది. 100 లోపు రీడింగుల్లో 15 పాయింట్ల అటూ ఇటూ తేడాని ప్రమాణం ఒప్పుకుంటుంది. రక్తహీనత వాటా ఏదైనా ఉంటే అది ఈ 5 లోనే ఉంది. పాత స్ట్రిప్పు 43 పాయింట్లు ఎక్కువ చెప్పింది. 66 అంటే చక్కెర ఇవ్వాల్సిన మనిషి, 109 అంటే ఇన్సులిన్ వేసుకుని టిఫిన్ చేయమనే మనిషి.

ల్యాబుతో పోల్చేటప్పుడు పరగడుపునే చూడటానికి కారణం ఉంది. తిన్న తర్వాత వేలి రక్తంలో షుగర్ చేతి నరంలోని రక్తం కన్నా ఎక్కువ ఉంటుంది. అప్పుడు వచ్చే తేడా స్ట్రిప్పుదో, తిండిదో తేలదు. అలాగే రెండు శాంపిళ్లూ ఐదు పది నిమిషాల లోపు తీయాలి. ట్యూబులో రక్తం ఊరికే ఉంటే కణాలు గ్లూకోజుని తినేస్తూనే ఉంటాయి, గంటకి 5 నుంచి 7 శాతం దాకా. ఊళ్లో తీసి టౌనుకి పంపే శాంపిలయితే బూడిదరంగు మూత ఫ్లోరైడ్ ట్యూబు తప్పనిసరి. అయినా మొదటి గంటలో కొంత తగ్గుతుంది కాబట్టి చల్లగా ఉంచి త్వరగా పంపాలి.

తేడా ఎందుకు 40 దగ్గరే నిలిచింది

పట్టికలో రెండో వరుసని జాగ్రత్తగా చూడాలి. పాత స్ట్రిప్పు ఎక్కువ స్థాయి కంట్రోల్ దగ్గర 331 చూపింది, అది హద్దు లోపలే ఉంది. ఆ ఒక్క సీసాతోనే చూసి ఉంటే స్ట్రిప్పులు బాగున్నాయని రాసి పంపేవాళ్లం.

స్ట్రిప్పు చివర కంటికి ఆనని పొరలో రెండు వస్తువులు ఎండగట్టి ఉంటాయి. ఒకటి ఎంజైము, గ్లూకోజుని పట్టి దాని నుంచి ఎలక్ట్రాన్లు తీసేది. రెండోది మధ్యవర్తి రసాయనం, ఆ ఎలక్ట్రాన్లని మోసుకెళ్లి ఎలక్ట్రోడుకి అప్పగించేది. చాలా స్ట్రిప్పుల్లో ఇది ఫెర్రిసయనైడు. మీటరు లెక్కపెట్టేది ఆ అప్పగింతలనే. పొర పొడిగా ఉన్నంతకాలం ఇవి రెండూ కదలకుండా ఉంటాయి. తేమ తగిలితే పొర మెత్తబడి, రక్తం పడకముందే మధ్యవర్తిలో కొంత భాగం పక్కనున్న పదార్థాల నుంచి ఎలక్ట్రాన్లు తీసుకుని మోత మొదలుపెట్టేస్తుంది. తర్వాత రక్తం చుక్క పడగానే ఈ పాత మోత కూడా కొత్తదాంతో కలిసి కరెంటుగా వస్తుంది. మీటరు దాన్ని కూడా గ్లూకోజే అనుకుంటుంది.

ఇలా వచ్చే అదనం అసలు షుగర్ ఎంత ఉన్నదన్న దానితో పెద్దగా సంబంధం లేకుండా చేరుతుంది. ఇక్కడ 117 దగ్గర దాదాపు 40, 298 దగ్గర 33, రక్తంలో 38. మూడొందల మీద నలభై కలిస్తే చికిత్స మారదు. అరవై మీద నలభై కలిస్తే షుగర్ పడిపోవడం కనిపించకుండా పోతుంది. ఇన్సులిన్ వాడేవాళ్ల ఇంట్లో తేమ తిన్న స్ట్రిప్పు ప్రాణం మీదికి తెచ్చేది అందుకే, తప్పు పెద్దదై కాదు, తగలకూడని చోట తగిలినందుకు. స్ట్రిప్పుల మీద అనుమానం ఉన్నప్పుడు తక్కువ స్థాయి కంట్రోల్‌తో చూడకుండా వదలకూడదు.

వేడి ఎక్కువగా దెబ్బకొట్టేది ఎంజైముని. ఎంజైము బలం తగ్గితే ఇచ్చిన కొద్ది సెకన్లలో గ్లూకోజు అంతా పట్టలేదు, రీడింగు తక్కువ వస్తుంది. ఆ తప్పు దామాషాగా ఉంటుంది. 100 దగ్గర 20 తగ్గితే 300 దగ్గర 60 తగ్గుతుంది. అలాంటి స్ట్రిప్పుని ఎక్కువ స్థాయి కంట్రోలే బాగా పట్టుకుంటుంది. ఈ కేసులో ఎక్కువ స్థాయి దగ్గర అదనం 40 నుంచి 33కి తగ్గడంలో పొయ్యి వేడి పని కొంత ఉండవచ్చు, ఒక్క రీడింగుతో గట్టిగా అనలేం. ఇంట్లో వేడీ తేమా కలిసే వస్తాయి. ఒకటి రీడింగుని పైకి నెడితే రెండోది కిందికి లాగుతుంది. బ్రాండుని బట్టి, ఎంజైముని బట్టి ఏది గెలుస్తుందో మారుతుంది. కాబట్టి "పాత స్ట్రిప్పులు నలభై ఎక్కువ చూపుతాయి, తీసేసుకుని లెక్కేసుకుందాం" అనడం కుదరదు. అదే డబ్బాలో ఇవాళ్టి స్ట్రిప్పుకీ వచ్చే వారం స్ట్రిప్పుకీ తేడా మారిపోతుంది. తక్కువ స్థాయి కంట్రోల్‌లో 154, 163 అని చెదిరి రావడం ఆ సంకేతమే.

డబ్బా మూత చేసే పని

స్ట్రిప్పుల డబ్బా మామూలు ప్లాస్టిక్ డబ్బా కాదు. లోపలి గోడకో మూతకో తేమ పీల్చే పదార్థం అమర్చి ఉంటుంది. మూత తీసిన ప్రతిసారీ బయటి గాలి లోపలికి పోతుంది. టక్కున మూస్తే ఆ కొద్ది తేమని అది పీల్చేసి లోపల మళ్లీ పొడిగా చేస్తుంది. కానీ దాని శక్తికి హద్దుంది. మూత వదులుగా ఉంటే బయటి తేమ ఆగకుండా వస్తూనే ఉంటుంది, అది నిండిపోతుంది, ఆ తర్వాత డబ్బా ఉన్నా లేనట్టే. తెరిచాక 90 రోజులు అని కంపెనీ రాసింది సరిగ్గా మూస్తూ వాడిన డబ్బా గురించి. మూత వదిలేసిన డబ్బాకి ఆ 90 రోజుల భరోసా కూడా లేదు. వానాకాలంలో తీరం వైపు తెరిచి వదిలేస్తే గంటల్లోనే పాడు మొదలవుతుంది.

ఒకసారి తేమ తిన్న స్ట్రిప్పు మళ్లీ బాగుపడదు. డబ్బాని ఎండలో పెట్టడం, మాత్రల డబ్బాలో వచ్చే తెల్లటి పొట్లం తెచ్చి ఇందులో వేయడం ఊళ్లలో చేస్తుంటారు. పొరలో రసాయనం అప్పటికే మారిపోయింది, ఆరబెట్టినా వెనక్కి రాదు. ఎండ వేడి ఇంకో దెబ్బ.

ఆవిడ వేళ్ల నొప్పులు నిజమైన అడ్డంకి. "మూత గట్టిగా పెట్టండమ్మా" అని చెప్పి పంపితే వచ్చే నెల మళ్లీ అదే మూత. కోడలితో మాట్లాడి పద్ధతి మార్చాం. పరీక్ష రోజు చేతులు కడిగి పూర్తిగా ఆరాక కోడలే మూత తీసి, ఒక్క స్ట్రిప్పు బయటకు తీసి, వేలు గుచ్చే ముందే టక్ మని చప్పుడు వచ్చేలా మూస్తుంది. సూది, మీటరు, దూది అన్నీ సిద్ధమయ్యాకే మూత తీయాలి. తీసిన స్ట్రిప్పుని రెండు మూడు నిమిషాల్లో వాడేయాలి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి, చేతులు వణికేవాళ్లకి ఒక్కొక్క స్ట్రిప్పు విడిగా రేకు పొట్లంలో వచ్చే రకం మంచిది. ఒక పొట్లం చింపితే మిగతావి చెడవు. ధర కొంచెం ఎక్కువైనా అలాంటి ఇంట్లో అదే చవక.

50 డబ్బా లెక్క

50 స్ట్రిప్పుల డబ్బా కొంటే ఒక్కోటి తక్కువకి పడుతుంది, కొడుకు అందుకే కొన్నారు. వారానికి రెండు వాడితే 50 అయ్యేది 25 వారాలకి, అంటే 175 రోజులు. తెరిచిన గడువు 90 రోజులు. 90 రోజుల్లో ఆవిడ వాడేది 26. మిగతా 24 స్ట్రిప్పులు పారేయాల్సినవే. అదే 25 డబ్బా అయితే 87, 88 రోజుల్లో సరిగ్గా అయిపోతుంది. రోజూ పరీక్ష చేసుకునే మనిషికి 50 డబ్బా సరే. వారానికి మూడు కన్నా తక్కువ చేసుకునే వాళ్లకి 25 డబ్బాయే సరైనది.

అన్ని బ్రాండ్లకీ 90 రోజులే అనుకోకూడదు. కొన్ని నాలుగు నెలలో ఆరు నెలలో ఇస్తాయి, కొన్ని అచ్చేసిన గడువు దాకా వాడమంటాయి. డబ్బా మీదో లోపలి కాగితంలోనో ఉంటుంది. ఇసుక గడియారం బొమ్మ పక్కన ఉన్న తేదీ ఆఖరి గడువు, ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు. నెల మాత్రమే ఉంటే ఆ నెల చివరి రోజు వరకు. థర్మామీటర్ బొమ్మ రెండు వైపులా ఉన్న అంకెలు నిల్వ వేడి హద్దులు. తెరిచిన గడువు, అచ్చు గడువు రెండింటిలో ఏది ముందొస్తే అదే లెక్క.

తెరిచిన రోజే డబ్బాకి తెల్ల ప్లాస్టర్ ముక్క అతికించి, దాని మీద తెరిచిన తేదీతో పాటు పారేయాల్సిన తేదీ కూడా రాయాలి. జూన్ 10న తెరిస్తే సెప్టెంబరు 8. తెరిచిన తేదీ ఒక్కటే రాస్తే లెక్క ఎవరూ కట్టరు. పాత డబ్బాలో మిగిలిన నాలుగు స్ట్రిప్పులు కొత్త డబ్బాలో వేయడం కూడా మానిపించాలి. ఏది ఏ లాటుదో తెలియకుండా పోతుంది, పాతవి తెచ్చిన తేమ కొత్తవాటికీ పంచినట్టవుతుంది.

రేకుల ఇంట్లో ఎక్కడ పెట్టాలి

ఇన్సులిన్‌ని చల్లగా ఉంచాలని చెప్పి చెప్పి, ఆ మాట స్ట్రిప్పులకీ వర్తిస్తుందని చాలామంది అనుకుంటారు. కుండ మూకుడులో ఇన్సులిన్ పక్కనే స్ట్రిప్పుల డబ్బా పెడతారు. కుండ చల్లబడేదే నీరు ఆవిరై, కాబట్టి ఆ చుట్టూ గాలి ఎప్పుడూ తడిగానే ఉంటుంది. స్ట్రిప్పులకి అంతకన్నా చెడ్డ చోటు లేదు. ఫ్రిజ్ కూడా వద్దు. చల్లటి డబ్బాని వానాకాలం గాలిలో తెరిస్తే మంచినీళ్ల గ్లాసు మీద చెమ్మ పట్టినట్టు స్ట్రిప్పుల మీద చెమ్మ పడుతుంది.

ఆవిడ ఇంట్లో ఒక వారం పాటు చిన్న డిజిటల్ థర్మామీటర్, తేమ కూడా చూపేది, మూడు చోట్ల మార్చి పెట్టించాం. పొయ్యి గూట్లో వంటవేళ 38 డిగ్రీలు, తేమ 90 శాతం దగ్గర. రేకుల కింద అటక మీద మధ్యాహ్నం 41. నడిమి గదిలో, బయటి గోడకి ఆనని బీరువా కింది అరలో 29 నుంచి 31. డబ్బాని గట్టి మూత ఉన్న చిన్న స్టీలు డబ్బాలో పెట్టి ఆ కింది అరలో ఉంచమన్నాం. స్టీలు డబ్బా వేడిని ఆపదు, గాలి మార్పుల నుంచి కొంచెం కాపాడుతుంది, పిల్లలకి అందకుండానూ ఉంటుంది.

మే నెలలో పరిస్థితి వేరు. రేకుల ఇంట్లో ఏ మూలా 30 దాటకుండా ఉండదు. అప్పుడు చేయగలిగినవి ఇవే. చిన్న డబ్బా కొనడం, నిల్వ పెట్టకుండా అవసరమైనప్పుడే తేవడం, నెలకోసారి కంట్రోల్‌తో చూడటం. షాపులో ఎండ పడే అద్దాల అరలో పెట్టిన డబ్బా వద్దని లోపలి అరలోది అడగాలి. కొన్న డబ్బాని బండి డిక్కీలో పెట్టి మధ్యాహ్నం దాకా సంతలో తిరగకూడదు. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ఎండాకాలంలో పార్సిల్ ఎన్నాళ్లు ఏ వ్యానులో ఉందో మనకి తెలియదు కాబట్టి, రాగానే ఒక స్ట్రిప్పు కంట్రోల్‌కి ఖర్చుపెట్టడం దండగ కాదు. కంట్రోల్ సొల్యూషన్ ఊళ్లో షాపుల్లో తరచు దొరకదు. డబ్బా మీద ఉన్న కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకి ఫోను చేసి అడగాలి. అది దొరకని వాళ్లు ల్యాబ్ పరీక్షకి వెళ్లిన రోజున మీటరు తీసుకెళ్లి, పరగడుపున ఒకే సమయంలో రెండూ చూసుకోవచ్చు. 100 పైన తేడా 15 శాతం లోపు, 100 కింద 15 పాయింట్ల లోపు ఉంటే డబ్బా వాడుకోదగ్గదే.

ఊళ్లలో పెట్టే షుగర్ పరీక్ష క్యాంపుల్లో సమస్య గడువుది కాదు, అక్కడ 50 స్ట్రిప్పులు ఒక్కపూటలో అయిపోతాయి. షామియానా కింద టేబుల్ మీద డబ్బా తెరిచి ఉంచి, వరుసలో వచ్చిన వాళ్లందరికీ ఒక్కొక్కటి లాగుతుంటారు. ఉదయం 7కి చూసిన మనిషికీ 11కి చూసిన మనిషికీ స్ట్రిప్పు ఒకే స్థితిలో ఉండదు. ఒకరు గుచ్చితే ఇంకొకరు డబ్బా పట్టుకుని తీస్తూ మూస్తూ ఉండేలా పని పంచుకోవాలి. చివర మిగిలిన డబ్బాని వచ్చే క్యాంపుకి దాచేటప్పుడు తేదీ రాయాలి, వాడే ముందు తక్కువ స్థాయి కంట్రోల్ వేయాలి.

తర్వాత

పాత డబ్బాని పారేయించి, పెంచిన డోసుని వెనక్కి తెచ్చి ఉదయం 16, రాత్రి 10 చేశారు. తెల్లవారుజాము 3 గంటలకి రెండు రాత్రులు కొత్త స్ట్రిప్పులతో చూడమన్నాం, 88, 94 వచ్చాయి. కిడ్నీల దృష్ట్యా రాత్రి డోసు ఇంకో రెండు యూనిట్లు తగ్గింది. ఆరు వారాల తర్వాత నోట్‌బుక్‌లో పరగడుపు రీడింగులు 112 నుంచి 138 మధ్య ఉన్నాయి, చెమటలు మళ్లీ రాలేదు. అదే రోజు ల్యాబులో 121, మీటరులో 127.

ఇప్పుడు ఆవిడ క్లినిక్‌కి వచ్చినప్పుడల్లా నోట్‌బుక్, మీటరుతో పాటు స్ట్రిప్పుల డబ్బా కూడా తెస్తున్నారు. ముందు మూత చూస్తాం, తర్వాత ప్లాస్టర్ మీద తేదీ చూస్తాం, ఆ తర్వాతే రీడింగులు చదివి డోసు గురించి మాట్లాడతాం.